ఇందులో ఉండనివి

ప్రోగ్రామరు ఆ మెసేజ్ రాయడం, చెరిపేయడం, మళ్లీ రాయడం పొద్దుటి నుంచీ చేస్తూనే ఉన్నాడు. కేకుల దుకాణానికి ఆర్డర్లు తీసుకునే సిస్టం కావాలట. పని చిన్నదే, కానీ పాత దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. అంతకుముందు ఒక ఫర్నిచర్ షాపాయన "ఇదొక్కటీ, అదొక్కటీ" అంటూ ఏడాదంతా ఊరికే చాకిరీ చేయించుకున్నాడు. ఇంకోసారి ఊరికే పని చేస్తే ల్యాప్‌టాప్ తీసి అటకెక్కిస్తానని నర్సు ఉద్యోగం చేసే అతని భార్య తేల్చి చెప్పింది. ఒట్టు వేసే ఓపిక కూడా లేక అతను తలూపాడు.

అందుకే ఈసారి అన్నీ రాతలో పెట్టాడు. కస్టమరు ఫోన్ చేస్తే కౌంటర్లో ఆర్డరు ఎక్కించుకోవచ్చు: సైజు, రుచి, కేకు మీద రాయాల్సిన పేరు, ఇవ్వాల్సిన రోజు. ఖరారు నొక్కగానే అది వంటగదిలోని తెర మీదికి వెళ్తుంది. సాయంత్రం మర్నాటి పనుల జాబితా వస్తుంది. మొత్తం నలభై వేలు, సగం ముందు, సగం అప్పగించాక. గడువు ఆరు వారాలు: రెండు నమూనాలకి, మూడు తయారీకి, చివరి వారం దుకాణంలో వాళ్ల చేతే వాడించి చూడటానికి. ఇక అట్టడుగున "ఇందులో ఉండనివి" అని పెట్టి, డెలివరీ, ఆన్‌లైన్ చెల్లింపు, ఖరారైన ఆర్డరును మార్చడం అని రాశాడు. అవి కావాలంటే ఖర్చూ గడువూ వేరే. లేనివాటి సంగతి పైనే చెబితే బేరం తప్పిపోతుందని అతని భయం. కడుపులో ఆ భయం ఉన్నవాడికి ఏ మాట ఎక్కడ దాచాలో ఎవరూ నేర్పక్కర్లేదు కదా!

దుకాణం యజమానురాలి నుంచి వెంటనే జవాబొచ్చింది. సరే తమ్ముడూ, మొదలుపెట్టు అని. నమూనాలు చూపిస్తే బాగున్నాయంది. అతను నడుం పడిపోయేలా కూర్చుని, అన్న గడువుకి అన్నట్టే తెచ్చి కౌంటర్లో పెట్టాడు.

వాడించి చూసే వారంలో మొదటి రోజే ఒక కస్టమరు ఫోన్ చేసి, తన కేకు చాక్లెట్ కాదు, వెనిల్లా చేయమంది. యజమానురాలు చేతికంటిన క్రీమ్ తుడుచుకుని తెర ముందుకొచ్చి, ఎక్కడ నొక్కాలని అడిగింది. మార్చడం ఇందులో లేదన్నాడతను. కొత్త ఆర్డరు ఎక్కించుకోవచ్చు కానీ పాతది వంటగది తెర మీద అలాగే ఉంటుందనీ, వాళ్లు రెండు కేకులూ చేసేస్తారనీ నసిగాడు.

"మా దగ్గర సగం మంది మార్చేవాళ్లే తమ్ముడూ," అందావిడ.

మెసేజ్‌లో రాశానని అతను ఫోన్ చూపించాడు. ఆవిడ తన ఫోన్ తీసింది. గడువు దగ్గరే మెసేజ్ మడతపడి ఉంది, కింద "ఇంకా చదవండి" అని. ఆవిడ దాన్ని ఎన్నడూ నొక్కలేదు. పొద్దస్తమానం చేతులు క్రీమ్‌లో ఉంటాయి, ఫోన్ పంచదార డబ్బాకి ఆనించి ఉంటుంది. కనిపించినంత చదువుతుంది, జవాబు నోటితో చెప్పి పంపిస్తుంది.

ఆవిడ అరవలేదు, బేరమాడలేదు. "రాశావు. చదవకపోవడం నా తప్పే," అని మిగతా సగం అప్పటికప్పుడే పంపేసింది. సొరుగులోంచి పాత చీటీలు తీసి మళ్లీ గోడకి అంటించుకోసాగింది. చీటీ అయితే కొట్టేసి పక్కన రాసుకోవచ్చట, ఆ తెర సంగతి తర్వాత చూద్దామట. ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టినా అతనికి ఇంత సిగ్గుగా ఉండేది కాదు. ఎందుకంటే మాట్లాడటానికి వచ్చిన మొదటి రోజునే, మాటల మధ్యలో ఆవిడ లేచి లేచి గోడ మీది చీటీలు దిద్దడం అతను కళ్లారా చూశాడు. అదేమిటని అడిగితే పని పెరుగుతుందని నోరు కట్టేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య డ్యూటీకి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఈసారైనా గట్టిగా నిలబడ్డావా అని అడిగింది. నిలబడ్డానన్నాడు. మొత్తం డబ్బు వచ్చిందనీ, ఒక్క బటన్ కూడా ఊరికే చేయలేదనీ చెప్పాడు. హమ్మయ్య అని ఆమె ముఖం విప్పారింది. తర్వాత అతని వాలకం చూసి, మరి ఆ ఏడుపు ముఖమేంటని అడిగింది.

"ఆవిడ దాన్ని వాడదట. వాళ్ల పనికి అది పనికిరాదు. నాకు ముందే తెలుసు."

భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

"ఊరికే చెయ్యొద్దన్నాను. ఊరికే డబ్బు తీసుకోమన్నానా?"

ఒళ్లంతా పచ్చిపుండులా ఉన్నా, అతను కుర్చీ లాక్కుని ఫోన్ తీశాడు. "అక్కా, ఆర్డరు మార్చడం లేకుండా ఇచ్చింది నా తప్పు. రేపు వచ్చి మీ చీటీల దగ్గర కూర్చుంటాను," అని రాసి, మడత పడకుండా అక్కడితో ఆపి, పంపేశాడు.