తాళం అంకె తెలిసినవాడు

ఫోన్ల కొట్టుకి రెండు రకాల మనుషులొస్తారు. కొత్తది కొనేవాడు నవ్వుతూ వస్తాడు. పోగొట్టుకున్నవాడు జేబులు తడుముకుంటూ వస్తాడు, మెట్టెక్కేటప్పుడు కూడా ఇంకోసారి తడుముకుంటాడు. ఆ రెండోవాడికి నేను ముందు ఏమీ అమ్మను. కూర్చోబెట్టి ఏది ముందో ఏది వెనకో చెప్పి, దగ్గరుండి చేయిస్తాను. పుణ్యం కోసం కాదు. అలా చేయించుకున్నవాడు కొత్త ఫోనుకి ఇంకో కొట్టు మెట్లెక్కడు.

ఆ రోజు అలా మెట్లెక్కింది నా భార్య చెల్లెలు. మా మరదలు.

"బావా, ఫోను లాక్కుపోయారు. బస్సు కోసం నిలబడి మాట్లాడుతున్నా. బండి మీద ఇద్దరు. చేతిలోంచి పీక్కుపోయారు."

"తెరిచే ఉందా?"

"మాట్లాడుతున్నానంటే తెరిచే కదా ఉంటుంది! నీ బుర్ర కూడా ఎవరైనా పీక్కుపోయారా?"

అంత కంగారులోనూ ఎగతాళి మానలేదు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

మా మరదలు మొగుణ్ణి వదిలి వచ్చేసింది. కొట్టే మనిషి. కూతుర్ని తీసుకుని ఒక గదిలో అద్దెకుంటోంది. ఆ గది ఎక్కడో నాకూ, నా భార్యకీ, ఇల్లుగలావిడకీ తప్ప తెలీదు. దొరికితే పిల్లను ఎత్తుకుపోతానని అతను మా ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళాడు. వరసకి నాకు తోడల్లుడు. అంత మాటా అంటూ కూడా నన్ను "అన్నయ్యా" అనే పిలిచాడు.

అయినా ఆ క్షణంలో నాకు అతను గుర్తుకు రాలేదు. బండి మీద ఇద్దరొచ్చి లాక్కుపోయారంటే దొంగలే అనుకున్నాను. రోజూ వినే కథ. రోజూ చేసే పనే మొదలుపెట్టాను.

పాప పాఠాలు చూసుకునే టాబ్లెట్ నా కొట్లోనే ఉంది, చార్జింగ్ పెట్టే చోటు వదులైందని మరమ్మతుకి ఇచ్చింది. అందులో ఉన్నదీ ఫోనులో ఉన్నదీ ఒకటే ఖాతా. అదొక అదృష్టం. వేరే కంప్యూటర్లో ఆ ఖాతా తెరవబోతే, "ఇది మీరేనా" అన్న ప్రశ్న పోయిన ఫోనుకే వెళ్తుంది. ఓటీపీ పంపినా ఆ సిమ్‌కే పంపుతుంది. దొంగ ఇంట్లో ఉన్న తాళంచెవి కోసం దొంగనే అడిగినట్టు.

ఈలోగా నా భార్య ఫోను. దారిలో ఎవరి ఫోనో అడిగి చెల్లెలు అప్పుడే చెప్పేసింది.

"ఏమండీ, ముందు సిమ్ ఆపించండి! బ్యాంకు ఖాళీ చేసేస్తారు!"

"ఆగవే. సిమ్ ముందు ఆపితే ఫోనుకి నెట్ పోతుంది. మనం ఇక్కణ్ణుంచి వేసే తాళం దాని దాకా చేరదు, దారిలోనే ఉండిపోతుంది. ముందు తాళం. అది పడ్డాక సిమ్. ఆ తర్వాత బ్యాంకు. ఖాతాలోంచి ఆ ఫోన్ని బయటికి తొయ్యడం చివర. తోసేస్తే ఇక మన మాట వినదు."

"మీరూ మీ వరసలూ!" అంది గానీ ఫోను పెట్టెయ్యలేదు.

ఫోను వెతికే పేజీ తెరిచాను. పటం మీద చుక్క కదులుతోంది. నెట్‌లోనే ఉందన్నమాట. తాళం నొక్కాను. పడిందని చూపించింది. మరదలు అప్పటికి కూర్చుంది. నేను సిమ్ కంపెనీకి ఫోను చేశాను. అటువైపు పాట వినిపిస్తూ ఎదురుచూడమంది.

అప్పుడు బల్ల మీది టాబ్లెట్ గట్టిగా మోగడం మొదలుపెట్టింది.

అలారం కాదు, ఎవరూ ఫోను చెయ్యలేదు. శబ్దం తగ్గించి ఉన్న టాబ్లెట్ కొట్టంతా అదిరేలా మోగుతోంది. ఆ మోత నాకు బాగా తెలుసు. సోఫా సందుల్లో ఫోను పోగొట్టుకున్నవాళ్ళ కోసం వారానికి ఎన్నిసార్లు మోగిస్తానో. ఒకే ఖాతాలో ఉన్న వస్తువుల్లో ఒకదాన్ని ఇంకోదానితో వెతికినప్పుడు వచ్చే మోత అది.

ఇక్కణ్ణుంచి మేం ఆ ఫోన్ని వెతుకుతుంటే, అక్కణ్ణుంచి ఎవరో ఈ టాబ్లెట్‌ని వెతుకుతున్నారు.

మోత ఆపి మరదలి ముఖం చూశాను. తెల్లబోయింది.

"దొంగకి పాప టాబ్లెట్ ఎందుకు బావా?"

"ఎందుకూ అక్కర్లేదు. తాళం వేశాను కదా, మళ్ళీ ఎలా తెరిచాడు? నీ ఫోను తాళం అంకె, అదే పిన్ను, ఎవరికి తెలుసు?"

ఆమె కుర్చీలోంచి లేచింది. తర్వాత, "పాప పుట్టినరోజు. మారిస్తే పాప మర్చిపోతుందని..." అంది.

సిమ్ కంపెనీ మనిషి "చెప్పండి సార్" అంటోంది. కాల్ కట్ చేశాను.

ముక్కూ మొహం తెలీని దొంగకి వేసే తాళం, అంకె తెలిసిన మొగుడికి తాళం కాదు. నేనేసిన తాళం కూడా ఆ పాత అంకెతోనే తెరుచుకుంటుంది. బండి మీద వచ్చినవాళ్ళు అద్దె మనుషులు. ఫోను ఇప్పుడు చేరాల్సినవాడికి చేరింది. అతనికి కావాల్సింది డబ్బు కాదు, పిల్ల ఎక్కడుందో. టాబ్లెట్ పిల్ల దగ్గరే ఉంటుందని లెక్కేసుకున్నాడు. అది నా కొట్లో కనబడింది కాబట్టి సరిపోయింది. నిన్ననే మరమ్మతై వెళ్ళిపోయుంటే గదిలోనే మోగేది.

"గది అడ్రసు ఫోనులో ఎక్కడుంది?"

"ఇల్లుగలావిడ పంపిన మెసేజ్‌లో. పటంలో చోటు గుర్తు కూడా పంపింది. గది ఫొటోలున్నాయి."

"అయితే వరస మారింది. ఫోను మొత్తం చెరిపెయ్యాలి. ఇప్పుడే. ఇంకా నెట్‌లో ఉంది, ఇంకా మన ఖాతాలో ఉంది. సిమ్ ఆపినా, ఖాతాలోంచి తోసినా ఆ పని చెయ్యలేం. అతను నెట్ ఆపేసినా అంతే. ఆ ఫోను నుంచే మన పాస్‌వర్డ్ మార్చేస్తే మనమే బయటుంటాం."

"చెరిపితే రికార్డింగులు కూడా పోతాయా?"

అప్పుడు గుర్తొచ్చింది. అతను తాగి వచ్చి అన్న మాటలు, చేసిన బెదిరింపులు, తలుపు బాదిన చప్పుళ్ళు, అన్నీ ఆమె దాచింది ఆ ఫోనులోనే. పిల్లను తల్లి దగ్గరే ఉంచమని అడగడానికి లాయరుకి చూపించాల్సిన సాక్ష్యం అదొక్కటే. అతను ఇదివరకు ఖాతా తెరిచి చదివాడని, భయపడి, ఇంకెక్కడికీ నకలు పోకుండా ఆపేసుకుంది. లాయరుకి ఇంకా ఇవ్వలేదు.

"పోతాయి," అన్నాను. "మెత్తగా చెప్పడం నాకు రాదు. మళ్ళీ రావు."

"అవి లేకపోతే నా మాట ఎవడు నమ్ముతాడు బావా?"

"పిల్ల నీ దగ్గర ఉంటేనే కదా ఆ మాట అవసరం."

నా భార్య ఫోనులో అంతా వింటోంది. ఈసారి సిమ్ గురించి మాట్లాడలేదు. "చెరిపెయ్యవే," అంది చెల్లెలితో. "నేను పాప బడికి వెళ్తున్నా."

నేను టాబ్లెట్ మరదలి ముందుకి జరిపాను. కొట్లో ఏ సరుకు చెయ్యి మారినా డబ్బిచ్చినవాడి సంతకమే ఉండాలి. ఇక్కడ పోయేది ఆమెది. చెరపమని నొక్కింది. నిజంగానేనా అని పాస్‌వర్డ్ మళ్ళీ అడిగింది. రెండుసార్లు తప్పు కొట్టి, కళ్ళు తుడుచుకుని, మూడోసారి సరిగ్గా కొట్టింది. పని మొదలైందని వచ్చింది. కాసేపటికి పటం మీద చుక్క పోయింది.

మిగిలింది రోజూ చేసే పనే. ఖాతాలోంచి ఆ ఫోన్ని తీసేశాం. పాస్‌వర్డ్ మార్చాం. కొత్త తాళం అంకె ఎవరి పుట్టినరోజూ కాదు. ఖాతా తిరిగి తెరవడానికి రాసిచ్చిన నంబర్లు చూస్తే అందులో మొగుడిదొకటి ఇంకా ఉంది, పీకేశాం. అప్పుడు సిమ్ ఆపించాం. బ్యాంకుకి చెప్పాం. వాళ్ళ లెక్క ప్రకారం ఒక్క పైసా పోలేదు.

"ఇక గదికి వెళ్ళకు," అన్నాను.

"చెరిపేశాం కదా!"

"లాక్కున్నప్పటికీ చెరిపినప్పటికీ మధ్య ఎంత చూశాడో నీకు తెలుసా? నాకూ తెలీదు. తెలీనిదాన్ని సున్నా అని లెక్క రాయకూడదు. అక్కతో వెళ్ళు. ఎక్కడికో ఆమె చూసుకుంటుంది. నాకు కూడా చెప్పొద్దు."

"పాప బట్టలు, పుస్తకాలు, అన్నీ అక్కడే..."

"వదిలెయ్."

వెనక తలుపునుంచి పంపించాను.

నేననుకున్నట్టే, కొట్టు మూసేలోపు తోడల్లుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. కొట్టు నాలుగు మూలలూ చూపుతో వెతికి, ఫోను తీసి అద్దం మీద పెట్టాడు.

"అన్నయ్యా, దీన్ని కాస్త తెరిచిపెట్టాలి."

నేనమ్మిన ఫోనే. అంచు మీద గీత కూడా నాకు తెలుసు. తెర మీద పాత యజమాని ఖాతా వివరాలు ఇవ్వమని అడుగుతోంది. దూరం నుంచి చెరిపిన ఫోను అలాగే అడుగుతుంది, తాళం అంకె తెలిసినా సరే.

"బిల్లుందా?"

"నా పెళ్ళాం ఫోనుకి నా దగ్గర బిల్లడుగుతావా?"

"దొంగతనం జరిగిందని చెప్పారు. ఇది దొంగ సొత్తు."

నవ్వాడు. "స్టేషన్లో కనుక్కునే వచ్చా అన్నయ్యా. మొగుడి దగ్గర పెళ్ళాం ఫోను ఉంటే దొంగతనమేంటని వాళ్ళే నవ్వారు. పాప టాబ్లెట్ కూడా ఇక్కడే మోగింది. చాలా మంచి బాబాయివే!"

"పెదనాన్నని," అన్నాను.

"అదేలే." ఫోను అక్కడే వదిలి మెట్లు దిగాడు. కింది మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు. "ఆకుపచ్చ కిటికీ బాగుంది. పాప గోడ నిండా బొమ్మలేసింది."

వెళ్ళిపోయాడు. సందు చివర బండి మీద ఇద్దరు అతని కోసం ఎదురుచూస్తున్నారు.

తన నంబరు మీదే కొత్త సిమ్ కావాలని మరదలు వెళ్ళేముందే సంతకాలు చేసింది. అది పనిచెయ్యడం మొదలుపెట్టాక పంపుదామని కొట్లోని ఇంకో ఫోనులో వేసుకుని కూర్చున్నాను. గంట దాటాక దీపాలార్పుతుంటే సిగ్నల్ గీతలొచ్చాయి, మరుక్షణమే మోగింది. ఇల్లుగలావిడ. ఆవిడ నంబరు చెరిపిన ఫోనుతోనే పోయింది, ముందుగా హెచ్చరించలేకపోయాం.

"అమ్మాయ్, ఇందాకట్నుంచీ చేస్తున్నా, కలవట్లేదు. మీవారట, వచ్చారు. చాలా మర్యాదగా ఉన్నారు. సామాన్లు తీసుకెళ్తారట. తాళం తియ్యనా?"

తియ్యొద్దంటే తలుపు విరగ్గొడతాడు, ఆవిడ ఒంటరి మనిషి.

"నేను ఆ అమ్మాయి బావనండి," అన్నాను. "తీసి, మీరు పక్కింటికి వెళ్ళిపోండి. లోపల ఎవరూ లేరు."