ముందా, వెనకా?

విజయనగరం మైదానంలో కానిస్టేబుల్ ఎంపికలు. లాంగ్ జంప్‌కి పేరు పిలిచేదాకా పైడిరాజు నేలమీద కాళ్ళు చాపి, బొటనవేళ్ళు పట్టుకుని, తపస్సులో మునిలా కదలకుండా వంగి కూర్చున్నాడు. పక్కనే బావమరిది తవిటయ్య మోకాళ్ళెగరేస్తూ, కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపుతూ ఒంటికి వేడి పుట్టించుకుంటున్నాడు.

"ఏటిరా ఆ గంతులు? నాలాగ కూకుని నరాలు సాగదియ్యి," అన్నాడు పైడిరాజు జాలిగా.

సాగదీసీ సాగదీసీ, తీరా దూకేవేళకి అతని కాళ్ళలో బిగువు పోయింది. మూడుసార్లూ బెత్తెడు తక్కువే. తవిటయ్య మొదటి దూకుడుకే గట్టెక్కాడు.

అన్నీ ముగిశాక తవిటయ్య తీరిగ్గా కూలబడి, కాళ్ళు చాపి బొటనవేళ్ళు పట్టుకున్నాడు.

పైడిరాజుకి ఒళ్ళు మండింది. "నెగ్గేసినాక ఇప్పుడేటిరా ఇది?"

"నువ్వు సేసిందే బావా. నువ్వు ముందు సేసినావు, నాను ఎనకాల సేస్తన్నాను."