గేటు గడికి యాభై నాలుగు

నాకున్న భయం ఒక్కటే. నేను చెప్పిన పాళ్లతో కట్టిన గోడ ఒక పసిబిడ్డ మీద పడుతుందేమోనని. పడితే ఆ పాపం మేస్త్రిది కాదు, సిమెంటుది కాదు, నాది.

నేను సిమెంటు బ్లాకుల యార్డులో చీటీలు రాస్తాను. ఎనిమిదో తరగతి సగంలో చదువు ఆగింది, లెక్క మాత్రం ఆగలేదు. నా పాపకి ఏడాదిన్నర. టేబుల్ పక్కన చాప మీద కూర్చోబెట్టి, ఒక కన్ను దాని మీద, ఒక కన్ను చీటీ మీద పెట్టి పని చేస్తాను.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నీటుగా మడిచిన కాగితం.

"కాంపౌండ్ గోడమ్మా. పొడుగు ముప్పై ఏడు అడుగులు, అడ్డం ఇరవై ఎనిమిది. పిల్లర్లు పద్దెనిమిది."

"పద్దెనిమిది కాదండీ, పద్నాలుగు. మూల పిల్లర్లని రెండు వైపులా లెక్కేశారు."

ఆయన కాగితం చూసుకుని, "అవును సుమా" అని నవ్వాడు. నాకు మనిషి నచ్చాడు కూడా.

పిల్లరు అడుగు వెడల్పు. రెండు పిల్లర్ల మధ్య ఖాళీని మేం గడి అంటాం, అది ఎనిమిది అడుగులు. మా గుల్ల బ్లాకు సందుతో కలిపి పదహారు అంగుళాల పొడుగు, ఎనిమిది అంగుళాల ఎత్తు. అంటే గడికి వరసకి ఆరు. ఆరడుగుల ఎత్తుకి తొమ్మిది వరసలు. గడికి యాభై నాలుగు. పద్నాలుగు గడులకి ఏడువందల యాభై ఆరు.

"గేటు ఎక్కడండీ?"

"ఒక గడి మొత్తం గేటే. పక్క గడిలో చిన్న గేటు, రెండు బ్లాకుల వెడల్పు, పైదాకా ఖాళీ."

గేటుకి యాభై నాలుగు, చిన్న గేటుకి పద్దెనిమిది తీసేశాను. ఆరువందల ఎనభై నాలుగు. విరిగిపోయేవాటికి నూటికి ఐదు చొప్పున కలిపి ఏడువందల ఇరవై రాశాను. గోడ కట్టే మాలు పాళ్లు కూడా చెప్పాను: వంద బ్లాకులకి బస్తా సిమెంటు, ఒకటికి ఆరింతలు ఇసుక, మాలు బ్లాకు రెండు అంచుల మీదే, గుల్లలో పోయక్కర్లేదు, ఏడు రోజులు నీళ్లు పట్టాలి.

లోడు దించి వచ్చిన లారీ డ్రైవరన్న నా టేబుల్ దగ్గర నీళ్లు తాగుతూ అన్నాడు, "చెల్లెమ్మా, ఆ ఇంటావిడ ఉంది చూశావూ, చంకలో బిడ్డని పెట్టుకుని గుమ్మంలో నిలబడి నన్ను అడిగింది, అన్నా, బయట ఎండగా ఉందా అని."

"అడిగితే?"

"ఎండ ఆవిడ మొహం మీదే పడుతోంది."

పదిహేను రోజులకి ఆయన మళ్లీ వచ్చాడు. "పద్దెనిమిది బ్లాకులు కావాలమ్మా."

పద్దెనిమిది అనగానే నా చెయ్యి ఆగింది. రెండు వెడల్పు, తొమ్మిది వరసలు.

"చిన్న గేటు మూసేస్తున్నారా?"

"గాలి వస్తోంది."

"అయితే కొనడం ఎందుకండీ, విరిగితే అని ఎక్కువ ఇచ్చినవి ముప్పై ఆరు ఉంటాయిగా?"

"ఒక్కటీ విరగలేదు. రెండు కిటికీలు మూయడానికి సరిపోయాయి." ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహంలో పని బాగా కుదిరిన సంతోషం కనిపించింది. నేను నోటితో లెక్క వేయకుండా ఉండలేకపోయాను. మూడు వెడల్పు, ఆరు వరసలు, అలాంటివి రెండు.

డ్రైవరన్న ఆయనకి గాలి సారు అని పేరు పెట్టాడు. "గాలి సారు ఇల్లు కట్టట్లేదు చెల్లెమ్మా, సీసాకి మూత పెడుతున్నాడు" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన వేళ్లకి సిమెంటు ఎండి ఉంది.

"యాభై నాలుగు."

నేను కలం కింద పెట్టాను. "అది పెద్ద గేటు గడండీ."

"అవును."

"మరి మీరు బయటికి ఎలా వస్తారు?"

"నాకు నిచ్చెన ఉంది."

"ఆవిడకీ?"

"ఆవిడకి బయట పనేముంటుందమ్మా?" ఎంత మామూలుగా అన్నాడంటే, ఆ క్షణంలో నాకే ఆ ప్రశ్న తెలివితక్కువదిలా అనిపించింది. "మేస్త్రి రానన్నాడు. నేనే కడతాను. మాలు పాళ్లు మళ్లీ చెప్పు, మర్చిపోయాను."

యార్డు ఓనరు లేడు. బ్లాకులు లేవని చెప్పి ఉంటే ఇంకో యార్డుకి వెళ్లేవాడు. అక్కడ పాళ్లు సరిగ్గా చెప్పేవాళ్లు. పాప నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగుతోంది. నా నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది.

"ఒకటికి పన్నెండు."

"పోయినసారి ఆరన్నావు."

"అది బరువు మోసే గోడకండీ. ఇది మధ్యలో మూత గోడే కదా. పావు బస్తా చాలు. పిల్లరుకి కలుపుతూ ఇనప కమ్మీలు కట్టక్కర్లేదు. నీళ్లు కూడా పట్టకండి, చెమ్మ లోపలికి దిగుతుంది."

అన్నీ అబద్ధాలే. పన్నెండింతల ఇసుక వేసిన మాలు, నీళ్లు పట్టకపోతే, గోటితో గీరితే రాలుతుంది. లోపలి నుంచి కింది వరసల్లో సందులు గీరి, ఒక్కో బ్లాకూ వెనక్కి లాక్కుంటే ఆడమనిషి కూడా దారి చేసుకోగలదు. నేను అనుకున్నది అదే. ఆయన అన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నా పాప తల నిమిరి, "పిల్ల ఇలా బయట తిరుగుతోంది, జాగ్రత్తమ్మా" అన్నాడు.

ఆ రాత్రి నుంచి నాకు ఇంకో లెక్క పట్టుకుంది. ఎనిమిది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, రెండు పక్కలా పట్టు లేని గోడ. కింది బ్లాకు తీస్తే పైవి ఎటు పడతాయి? అది ఆవిడకి చెప్పిందెవరు? అసలు ఆ గోడ మెత్తనిదని ఆవిడకి తెలుసా? చంకలో బిడ్డ ఉంది.

పోలీసులకి ఫోను చేశాను. "వాళ్ల స్థలం, వాళ్ల గోడ. ఎవరైనా కంప్లైంట్ ఇచ్చారా?" అని అడిగారు. ఓనరు, "బ్లాకులు అమ్మాం, మనకెందుకు" అన్నాడు. డ్రైవరన్నని బతిమాలితే అటు లోడుకి వెళ్లినప్పుడు ఆగాడు. తిరిగొచ్చాక నీళ్లు కూడా అడగలేదు.

"చుట్టూ తిరిగాను చెల్లెమ్మా. ఎక్కడా దారి లేదు. నిచ్చెన లోపల్నుంచి ఆనించి ఉంది, పై మెట్టు ఒక్కటే కనబడుతోంది. అమ్మా అని పిలిచాను, పలకలేదు. గేటు గడి మీద చెయ్యి పెడితే ఇసుక రాలింది. ఇంతలో లోపలి నుంచి ఎవరో కొట్టారు. గుల్ల బ్లాకు కదా, డబ్బాలా మోగింది. మూడుసార్లు."

"నువ్వేం చేశావు?"

"నేనూ మూడుసార్లు కొట్టాను."

"తర్వాత?"

"తర్వాత నవ్వు వినిపించింది. మగమనిషిది." డ్రైవరన్న ఇంక అటు వెళ్లనన్నాడు.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. నిన్న గాలి సారు మళ్లీ వచ్చాడు. పద్నాలుగు గడులకీ ఇంకో రెండు వరసలు కావాలట, నూట అరవై ఎనిమిది బ్లాకులు. బలహీనమైన ఆ గడి మీద కూడా పన్నెండు ఎక్కుతాయి. గడ్డం పెరిగింది, చొక్కా మాత్రం ఇస్త్రీదే. "పాప బాగుందా?" అని అడిగాడు. మీ బిడ్డ ఎలా ఉందని అడగబోయి, చీటీల పుస్తకం మూసేశాను. బ్లాకులు నాలుగు రోజుల దాకా లేవని చెప్పి పంపాను.

యార్డు నుంచి మా లారీ లోడ్లు వెళ్లే దారిలో, ఊరు దాటాక, పూత లేని బూడిదరంగు గోడ. పద్నాలుగు గడులు, ఎక్కడా గేటు ఉండదు. నేను బిడ్డని పెట్టుకుని ఒక్కదాన్నే వెళ్లలేను. మీరు వెళ్లండి, ఇద్దరు ముగ్గురు కలిసి, పగటిపూట. గేటు గడికి దూరంగా నిలబడండి. ఆయన్ని కాదు, ఆవిడనే పిలవండి. బిడ్డ ఏడుపు వినిపించేదాకా అక్కడి నుంచి కదలకండి.