ప్రార్థన పూర్తయ్యేలోపు

దోహాలో కూలీలు ఉండే గదిలో మోషే చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నిజామాబాద్ ఆసుపత్రిలో బాపుకు కడుపు ఆపరేషన్. ఇంకో పావుగంటలో లోపలికి తీసుకుపోతారు.

"నెట్ సెంటర్ల పైసలు తక్కువే, గని మాట ముక్కలైతది. ఇంటి సిమ్ము రోమింగ్‌ల ఒక్క నిమిషానికే బ్యాలెన్సంత మింగుతది. నువ్వేమన్న షేక్‌వా? ఫోను కార్డు గీకు," అన్నాడు గదిలో ఉండే వీరస్వామి.

కార్డు మీది పొడవాటి నంబరు, తర్వాత అన్న నంబరు నొక్కాక, ఐదు నిమిషాలున్నాయని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఆసుపత్రిలో అన్న దేవయ్య ఫోను బాపు చెవి దగ్గర పెట్టాడు.

వాళ్లింట్లో ఏ ఫోనైనా ప్రార్థనతోనే మొదలవుతుంది. బాపు మెల్లగా, సొంతూరు రెంజల్‌లో తెలిసినవాళ్ల పేర్లన్నీ చెబుతూ ప్రార్థించాడు. ఆపమనడానికి మోషేకు నోరు రాలేదు. ఒక్క నిమిషమే మిగిలిందని బీప్ వినిపించింది.

"నా చిన్నకొడుకును..." అన్న దగ్గర లైను తెగింది.

మోషే ఇంటి సిమ్ము వేశాడు. నెట్‌వర్క్ దొరకడానికి చాలాసేపు పట్టింది.

"లోపలికి తీసుకపోతుండ్రురా," అన్నాడు దేవయ్య.

"చెవికాడ పెట్టన్నా, ఒక్క మాటే."

బాపు ఊపిరి వినిపించింది.

"ఆమెన్, బాపూ," అన్నాడు మోషే.