ఒక్కో టేకుకీ ఒక్కో స్కూపు

మూడేళ్లుగా తిరుమలేశ్ సినిమాల్లో దెబ్బలు తింటున్నాడు. హీరో కాలెత్తితే చాలు, ఎగిరి గోడకు గుద్దుకుని పడే పదిమందిలో ఒకడు. బోరబండలో ఉండే వాళ్లమ్మ నీలమ్మ ప్రతి సినిమాకూ వెళ్లి, వీపును బట్టి కొడుకును గుర్తుపట్టి మురిసిపోయేది. ఇవాళ మాత్రం ముఖం కనపడుతుంది. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా మేడమీద, చొక్కా లేకుండా, కండలు పొంగించుకుని హీరోకి ఎదురు నడిచి రావాలి. ఒక డైలాగు కూడా ఉంది.

కండలు తేటగా కనపడాలని నిన్నటి నుంచి నీళ్లు మానేశాడు. పొద్దున్నే కొవ్వు కరిగించే మాత్ర వేసుకున్నాడు. షాట్‌కి ముందు పుషప్స్ తీసి, కసరత్తుకు ముందు ఊపు కోసం వేసుకునే ప్రీ వర్కవుట్ పౌడరు ఒక స్కూపు పొడిపొడిగానే నోట్లో పోసుకున్నాడు. ముఖం చిమచిమలాడింది. ఒళ్లంతా బిగుసుకుంది. షాట్ బాగా వచ్చింది కానీ, మధ్యలో మబ్బు పట్టిందని కెమెరామన్ పెదవి విరిచాడు.

మళ్లీ టేకు అంటే మళ్లీ కండలు పొంగాలి, మళ్లీ పొంగాలంటే మళ్లీ స్కూపు. ఫిల్మ్‌నగర్ జిమ్ముల్లో కుర్రాళ్లు వేసుకునే లెక్క ఇదే. చెమటకు చెదిరిన మేకప్ దిద్దుకోవడం లాంటిదే అనుకుంటారు, పిచ్చి నాయనలు! భోజనాల వేళకు రెండో స్కూపు పడింది. గొంతు ఎండిపోతోందని పక్కనే ఉన్న సుహాస్ ఎనర్జీ డ్రింకు అందిస్తే అదీ తాగేశాడు. నీళ్లు మానేసినవాడు దాంతో గొంతు తడుపుకోవడం ఏం తెలివో మరి. సుహాస్ తిరుమలేశ్ జిమ్ము కుర్రాడే, అతను రాలేకపోతే బదులు నిలబెట్టడానికి పిలిపించిన మనిషి.

రెండో టేకు కూడా కుదరక, మూడోదాని కోసం షేకర్‌లో మళ్లీ పౌడరు కలుపుకుని పక్కన పెట్టాడు. మేకప్ వేసే మంజులత ఛాతీకి నూనె రాస్తూ చెయ్యి ఆపేసింది.

"ఏంటి బాబూ, గుండె ఇలా ఎగిరెగిరి పడుతోంది?"

"ఏం లేదక్కా, పౌడర్ కిక్కు. జర ఎవరికీ చెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

గుండె ఒకసారి గబగబా కొట్టుకుంటోంది, ఒకసారి ఆగి గుభేలుమంటోంది. లేచి నిలబడేసరికి మేడంతా తిరిగినట్టయింది. మంజులత ఒక్క అరుపు అరిచింది. ఫైట్ మాస్టర్ చలపతిరావు పరుగున వచ్చి, మారుమాట లేకుండా కారెక్కించారు. కారు గేటు దాటుతుంటే మేడమీద సుహాస్ చొక్కా విప్పుతూ కనపడ్డాడు. తిరుమలేశ్‌కి ఏడుపొచ్చింది. గుండెకు కాదు, షాట్‌కి.

బంజారాహిల్స్ ఆసుపత్రిలో ఈసీజీ తీసి, చేతికి సెలైన్ పెట్టారు. డాక్టర్ నిహారిక ఏమేం తీసుకున్నావని మెల్లగా అడిగింది. దాచకుండా చెప్పాడు. కాఫీ కూడా ఎక్కువ తాగుతావా అని అడిగింది.

"కాఫీ అలవాటు లేదు మేడమ్, చాయ్ గూడ తాగ."

"నువ్వు తిన్నదంతా కాఫీయేనయ్యా. కాఫీలో ఉండే కెఫీనే మాత్రలోనూ ఉంది, పౌడర్‌లో కెఫీనే, ఆ డ్రింకులో కూడా అదే. రోజంతటికీ నాలుగు వందల మిల్లీగ్రాములు దాటొద్దంటాం. నీ డబ్బా మీద ఒక్క స్కూపే మూడు వందలని ఉంటుంది, చూసుకో. తిన్నదాంట్లో సగం దిగడానికే ఐదారు గంటలు పడుతుంది. మొదటిది దిగకముందే రెండోది వేశావు. పైగా ఒంట్లో నీళ్లు లేవు, పొటాషియం పడిపోయింది. అందుకే గుండె లయ తప్పింది. మందు ఇచ్చాం, దారికొస్తుంది. ఇంకోటి కూడా పడి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను."

ఇంకోటి! కలిపి పెట్టిన షేకర్ మేడమీదే ఉండిపోయింది. సుహాస్ కూడా నిన్నటి నుంచి నీళ్లు ముట్టలేదు, పొద్దున అదే మాత్ర వేసుకున్నాడు. ఇచ్చింది ఎవరు? తనే.

ఆ క్షణంలో ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది: వాడూ పడిపోతే షాట్ రేపటికి మిగులుతుంది. వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయి, మంజులతకు ఫోన్ చేశాడు.

"అక్కా, సుహాస్‌గానికి ఫోనియ్యి."

"షేకర్ చేతిలో పట్టుకుని ఉన్నాడు బాబూ, ఇదిగో."

"అరేయ్, అది తాగకు. పారబొయ్యి."

సుహాస్ గొంతు కరుగ్గా వచ్చింది. "ఏంది అన్నా గిట్ల? నాకు ఛాన్స్ దొరికిందని కడుపుమంటనా?"

వాడన్నది పూర్తిగా అబద్ధమూ కాదు. తిరుమలేశ్ ఫోన్‌ను మంచం పక్కన మానిటర్‌కు దగ్గరగా పెట్టాడు. గబగబా నాలుగు బీపులు, ఒక ఖాళీ, ఒక బీపు, మళ్లీ ఖాళీ, వెంటనే మూడు.

"విన్నవా? గది నా గుండెరా."

అవతల మేడమీది కుళాయి కింద దేన్నో ఒంపుతున్న చప్పుడు వినిపించింది.

"పారబోసిన అన్నా. జర నీళ్లు తాగి చేస్త షాట్."

"చెయ్యి. డైలాగు మాత్రం మర్చిపోకు," అన్నాడు తిరుమలేశ్. మూడేళ్లు ఎదురుచూసిన ఆ ఒక్క మాటనూ ఫోన్లో సుహాస్‌కు చెప్పి ఇచ్చాడు.