రెండో వరుస

గురెజ్ మలుపు దగ్గర వాన పడీపడక కురుస్తోంది. పడితే పడాలి, మానితే మానాలి. ఆ కొండల్లో వానకు ఆ మర్యాద కూడా లేదు. కౌన్సిల్ గుమస్తా మెలాహత్ నిచ్చెన మీద నిలబడి, పాత దారి బోర్డు మీదున్నది ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కిస్తోంది. కింద డ్రైవర్ బెసిమ్ నిచ్చెన పట్టుకుని గొణుగుతున్నాడు.

బోర్డు మీద రెండు ఊళ్ళు. ఒక్కో ఊరికి మూడు వరుసలు: పైన అల్బేనియన్, మధ్యలో సెర్బియన్, కింద టర్కిష్. ప్రతి వరుస చివరా దూరం, కిలోమీటర్లలో. మధ్య వరుసలు రెండింటికీ సెర్బియన్ గిట్టనివాళ్ళెవరో నల్లరంగు పులిమారు.

"ప్రిజ్రెన్ పందొమ్మిది అని ఒక్కసారి రాసి పారెయ్యక, ముమ్మారు దేనికక్కా? ఏ భాషలో అయినా ప్రిజ్రెనే కదా!"

"ఏ వరుసకి ఆ వరుసేరా. పక్కవాడి పళ్ళెంలోది తీసి మనవాడికి వడ్డించకూడదు."

ఆ నియమం ఊరికే పుట్టలేదు. వెనకటి గుమస్తా ఒకడు చెరిగిపోయిన వరుసను పై వరుస చూసి సొంతంగా నింపాడు. కోర్టుకు ఎక్కారు, బోర్డు పీకారు. గురెజ్ విషయంలో చిక్కు ఇంకా పెద్దది. సెర్బియన్‌లో ఆ ఊరి పేరు ప్రభుత్వ జాబితాలో ఒకటి, ఊరివాళ్ళ నోట ఇంకొకటి. కౌన్సిల్ నెలల తరబడి కొట్టుకుని, పాత బోర్డు మీద ఏముంటే అదే కొత్త బోర్డు మీద అని తేల్చింది. ఏమీ లేకపోతే ఏమీ ఉండదు.

రోడ్డు పక్క రాతి మీద దోబ్రివోయె కూర్చుని ఉన్నాడు. గురెజ్‌లో మిగిలిన ఒకే ఒక్క సెర్బు ముసలాయన. కళ్ళకు శుక్లాలు. పొద్దున్నే నడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మాయ్, కమెన్యాక్ అని కనబడుతోందా? మా అమ్మ పిలిచిన పేరే ఉండాలి. జాబితావాళ్ళు పెట్టింది కాదు."

"చూస్తున్నా బాబాయ్. రంగు కింద ఉంటే వేళ్ళకి తగులుతుంది."

మెరిసే స్టిక్కరు కోసి అతికించిన అక్షరాలు అవి, రేకు మీద కాస్త లేచి ఉంటాయి. మెలాహత్ ముందు ప్రిజ్రెన్ మధ్య వరుస మీద వేళ్ళు ఆనించింది. అక్షరాలు ఒక్కొక్కటే వేలికి అందాయి, సెర్బియన్ రాసే సిరిలిక్ లిపిలో, చెక్కుచెదరకుండా. చివర పందొమ్మిది. ఆమె గుండె తేలికైంది. బయటికే అనేసింది:

"ఉందిరా బెసిమ్! రంగు దీన్నేం చేయలేదు!"

ముసలాయన కర్ర ఊతంతో లేచాడు. "చెప్పలేదూ? ఇక మాది చూడు."

మెలాహత్ గురెజ్ మధ్య వరుసకు దిగింది. వేలు ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోయింది. మళ్ళీ తడిమింది. నున్నటి రేకు. చివరన మాత్రం నాలుగు అంకె, గట్టిగా అతుక్కుని ఉంది.

"బాబాయ్, దీన్ని ఎవరైనా కడిగారా?"

"ఎవరో ఏంటమ్మా, నేనే! వాళ్ళు పులిమినప్పుడల్లా థిన్నరు తెచ్చి తుడిచేవాణ్ణి. ప్రిజ్రెన్‌ని చూసుకునేవాళ్ళు బోలెడుమంది, నాకెందుకు? మా ఊరి పేరొక్కటే. అంకె జోలికి పోలేదు, అంకె అందరిదీ కదా. ఎంత రుద్దినా మసగ్గానే ఉండేది. మసి పోలేదేమోనని ఇంకా రుద్దేవాణ్ణి."

బెసిమ్ నిచ్చెన వదిలి అటు తిరిగాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"రాసెయ్ అక్కా. నేను చూడలేదు."

మెలాహత్ కలం ఎత్తింది. పేరు నాలిక చివరే ఉంది. రాస్తే ఒక ముసలివాడి ప్రాణం కుదుటపడుతుంది. ఆ తరువాత కోర్టులో ఒక్కడు వచ్చి వేలితో తడిమి చూస్తే చాలు, ఆమె తడిమి రాసిన ప్రతి బోర్డులోనూ ఆ మధ్య వరుసలన్నీ అబద్ధమైపోతాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఉన్నదే రాసింది: పై వరుస, గురెజ్, నాలుగు. కింది వరుస, టర్కిష్ పేరు తష్లి, నాలుగు. మధ్య వరుస, పేరు లేదు, నాలుగు.

దిగి వచ్చి ముసలాయన చెయ్యి పట్టుకుంది.

"రంగు పోయేలా తుడిచావు బాబాయ్. దాంతోపాటే అక్షరాలూ వచ్చేశాయి."

ఆయన తన అరచేతులు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు.

"గుడ్డకి తెల్లగా ఏదో అంటుకునేది," అన్నాడు. "పిట్ట రెట్ట అనుకున్నా."

వ్యాన్‌లో దింపుతామంటే రానన్నాడు. వానలోనే నడిచి వెళ్ళాడు.

వసంతంలో కొత్త బోర్డు నిలబెట్టారు. తయారుచేసినవాళ్ళు కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేశారు. గురెజ్‌కీ తష్లికీ నడుమ ఖాళీ జాగా, దాని చివర నాలుగు. దాని మీద ఇప్పుడెవరూ రంగు పులమడం లేదు. మెలాహత్ ఆ దారిన వెళ్ళినప్పుడు దోబ్రివోయె బోర్డు కింద రాతి మీద కూర్చుని కనిపించాడు. పక్కన పొడిగుడ్డ ఒకటి మడిచి పెట్టుకున్నాడు.

"థిన్నరు మానేశానమ్మా," అన్నాడు ఆమె అడగకముందే. "దుమ్ము మాత్రం దులుపుతున్నా. ఈసారి జాగ్రత్తగానే."