నెలవంక గోడ ఉన్న వాల్వు

మా నాయన పీర్ సాహెబ్‌కు ఇంగ్లీషు రాదు. ఆయిలింజను విప్పితే ఏ భాగం ఎక్కడ అరిగిందో వేలితో తడిమి చెప్పగలడు. కంపెనీ వాళ్లు ఇచ్చే పుస్తకం మాత్రం ఆయనకు పనికిరాదు. నేను ఎస్సెల్సీలోకి వచ్చిన ఏడాది, అరవై నాలుగులో, ఒక పుస్తకాన్ని నూనెగుడ్డలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు.

మా ఊరు సముద్రానికి రెండు మైళ్లు. అప్పటికి కరెంటు రాలేదు. ఇసక నేలల్లో దొరువు గుంటలు తవ్వి, ఆ నీళ్లు ఇంజన్లతో తోడి వరి పండించేవాళ్లు. ఆ పుస్తకంలోని రకం ఇంజన్లు ఊళ్లో రెండే ఉండేవి. ఒకటి రంగనాయకులు గారిది, పన్నెండెకరాలకు. నాయన షెడ్డు వేసుకున్న స్థలం కూడా ఆయనదే. రెండోది వెంకటశేషమ్మ పెద్దమ్మది, రెండెకరాలకు. భర్త పోయాక ఆమె ఒక్కతే సేద్యం చేసుకునేది. ఎనిమిదో తరగతిలో నన్ను బడి మానిపిస్తామంటే మా గడపలో కూర్చుని, "ఆ పిల్లను మానిపించినావంటే నా ఇంజను మీద చెయ్యెయ్యొద్దు సాయిబూ" అని నాయనతో తెగేసి చెప్పింది. నేను పదకొండో తరగతి దాకా రావడం ఆమె చలవే.

ఆ రోజు నాయన చేతిలో పెద్దమ్మ ఇంజనుకు గాలి పీల్చే వాల్వు ఉంది. శుభ్రం చేయడానికి విప్పి తెచ్చాడు. గొడుగులా ఉండే వాల్వు తల వెనక, నెలవంక ఆకారంలో ఒక చిన్న ఇనుప గోడ.

"ఇదేందిమే? మిగతా రకం ఇంజన్లకు ఇట్టా గోడ లేదే. పోత పోసేటప్పుడు మిగిలిపోయినట్టుండాది. ఆకురాయితో గీకేద్దామనుకుంటా ఉండా" అన్నాడు.

"గీకొద్దు నాయనా! దాని కోసమే ఇక్కడ రెండు పేజీలు రాసినారు."

నేను బయట ఎవరితోనూ గట్టిగా మాట్లాడను. బడిలో సారు లేపి అడిగినా గొంతు రాదు. నాయన ముందు మాత్రం నాకు మాటలు వచ్చేవి. అర్థం కాని ముక్కలు నిఘంటువులో చూసుకుంటూ, నా డైరీలో తెలుగులో రాసుకుంటూ రెండు రోజులు చదివాను. మూడో రోజు సాయంత్రం గాజుదీపం, పంపు స్టవ్వు రెండూ ఆయన ముందు పెట్టాను.

"ఈ దీపం చూడు. ఆకు మాదిరి కదలకుండా ఉండాది గదా? నూనె ఆవిరి లోపల, గాలి బయట. రెండూ కలిసేచోట పల్చటి పొర ఉంటుంది, మంటంతా ఆ పొరలోనే. గాలి ఆ పొర దగ్గరికి మెల్లగా ఇంకుతా వస్తుంది. అందుకే రాత్రంతా మండినా గిన్నెడు నూనె అయిపోదు."

స్టవ్వుకు గట్టిగా గాలి కొట్టాను. బుస్సుమని మోత మొదలైంది. మంట పొట్టిగా, నీలంగా, ఒక్క క్షణం కూడా ఒకే ఆకారంలో లేకుండా ఆడింది.

"ఇదీ కిరసనాయిలే. కానీ ఇక్కడ ఆవిరి వేగంగా దూకి గాలిని లాక్కొని సుడులు తిరుగుతా ఉండాది. సుళ్లు మంట పొరను ముడతలు వేస్తాయి, చింపుతాయి, చుట్టేస్తాయి." దండెం మీది నా ఓణీ తీసి చాప మీద పరిచి, మళ్లీ ఉండచుట్టి చెంబులో కుక్కాను. "గుడ్డ అదే. చాప మీద మంచమంత చోటు కావాల్సొచ్చింది. ముడతలు పడితే చెంబులో పట్టింది. మంట కూడా అంతే. ముడతలు పడితే అంత చోట్లోనే ఎంతో ఎక్కువ పొర ఉంటుంది. పొర ఎంత ఎక్కువుంటే అంత తొందరగా కాలుతుంది."

నాయన నవ్వాడు. "ముడతల మంటన్నమాట. మీ అమ్మమ్మ మొహం మాదిరి."

వంటింట్లోంచి అమ్మ అరిచింది. "మా అమ్మ మొహం నీకేం చేసింది? ఆ స్టవ్వు ఆర్పు ముందు, నూనె ఎవరిస్తారు?"

"ఇంజనులో ఎంత టైము ఉంటుందో తెలుసా?" అన్నాను. "నిమిషానికి వెయ్యి తిప్పులు తిరుగుతుంది. నూనె కాలేది ఒక తిప్పులో ఆరోవంతులో. అంటే సెకనులో నూరో వంతు. దీపం మాదిరి నింపాదిగా మండితే, సగం కాలకముందే పిస్టను కిందికి పోయి పొగ వాల్వు తెరుచుకుంటుంది. కాలని నూనె మసై బయటికి పోతుంది. అందుకే ఈ గోడ. గాలిని అన్ని వైపులనుంచీ రానీకుండా ఒక పక్కకు తోస్తుంది. లోపలికొచ్చిన గాలి సిలిండరు గోడ వెంబడి గిరగిరా తిరుగుతా ఉంటుంది. పిస్టను నొక్కినా ఆ తిరుగుడు పోదు. అప్పుడు నూనె చిమ్మితే చుట్టూ గాలి అందుతుంది. ఇంజను ఎంత జోరుగా తిరిగితే గాలీ అంత జోరుగా తిరుగుతుంది, మంటా అంత తొందరపడుతుంది."

నాయన చాలాసేపు వాల్వును తిప్పి తిప్పి చూశాడు. "బుచ్చిరెడ్డిపాలెం మిల్లులో ఊకపొయ్యికి పక్కనుంచి గాలి కొడతారు. కొట్టకుంటే మంట సాగి సాగి గొట్టం దాకా పోతుంది. కొడితే పొయ్యిలోనే గిర్రున తిరిగి అక్కడికక్కడే కాలిపోతుంది. ఇరవై ఏళ్లుగా చూస్తా ఉండా, ఎందుకో ఇవాళ తెలిసింది" అన్నాడు. ఆ మాట నేను డైరీలో రాసుకుని కింద గీత గీశాను.

పుస్తకంలో చివరి వాక్యం కూడా చదివి చెప్పాను. గోడ లేని పాతరకం వాల్వు వేసినా ఇంజను తిరుగుతుంది. కానీ బలం తగ్గి నల్లపొగ వస్తుంది కాబట్టి వేయరాదు.

"మళ్లీ చదువు" అన్నాడు. చదివాను.

"తిరుగుతుందని రాసినాడా?"

"తిరుగుతుంది, కానీ..."

"సరే సరే" అని లేచాడు.

పది రోజులకు రంగనాయకులు గారి ఇంజను ఆగిపోయింది. వాల్వు తల విరిగిందని నాయన చెప్పాడు. కొత్తది మద్రాసు నుంచి రావాలి, నెల పైన పడుతుంది. నాట్లు పడిన రోజులు. రంగనాయకులు గారు షెడ్డు ముందు నిలబడి కేకలు వేసి వెళ్లారు. ఆ మరునాడు నాయన "పెద్దమ్మ ఇంజను ఒకసారి చూసొస్తా" అని వెళ్లాడు. రెండో రోజుకల్లా రంగనాయకులు గారి ఇంజను తిరుగుతోంది.

ఆదివారం అమ్మ పెద్దమ్మకు ఇవ్వమని ఎండుచేపలు ఇస్తే నాయన వెంట చేనుకు వెళ్లాను. దూరం నుంచే కనబడింది. పెద్దమ్మ ఇంజను గొట్టంలోంచి తారులాంటి పొగ. ఇంజను ఆయాసపడుతోంది. పైపులోంచి దూకాల్సిన నీళ్లు అంచు మీదుగా జారి పడుతున్నాయి. మడిలో మూడొంతులు తడవనే లేదు. నాట్ల కొసలు పసుపు పచ్చగా మారుతున్నాయి.

"సాయిబూ, ఏందయ్యా ఇది?" పెద్దమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని మడిలోంచి వచ్చింది. "ఆయిలు రెండింతలు తాగతా ఉండాది. నీళ్లు చూస్తే ముసలోడు ఉమ్మినట్టు."

నాయన గొట్టం దగ్గర చెయ్యి పెట్టి, మసి చూసి, నెమ్మదిగా అన్నాడు. "ఆయిలు బాగలేదమ్మా. నీళ్లు కలిపినట్టుండారు. అంగడి మార్చి చూడు."

"అంతేనంటావా?"

"అంతే."

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. పొగ ఎందుకొస్తుందో ఊళ్లో తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆ ఇద్దరమూ అక్కడే ఉన్నాం. పెద్దమ్మ నా చేతిలోని పొట్లం తీసుకుని, "మీ అమ్మకు చెప్పు, బాగుండాయని" అంది. నేను తలూపాను.

ఇంటికి రాగానే షెడ్డులో పాత సామాను డబ్బా వెతికాను. విరిగిన వాల్వు దొరికింది. తల వెనక నెలవంక గోడ. అది రంగనాయకులు గారిది. మద్రాసు నుంచి పార్సిలు రాలేదు. డబ్బాలో ఎప్పుడూ ఉండే పాతరకం నున్నటి వాల్వు మాత్రం లేదు.

నాయన వెనకే వచ్చాడు. నా చేతిలోది చూశాడు.

"పెద్దమ్మది తీసి ఆయనకు పెట్టినావు" అన్నాను.

"పన్నెండెకరాలు ఒక పక్క, రెండెకరాలు ఒక పక్క. ఈ షెడ్డు ఎవరి స్థలంలో ఉండాదో నీకు తెలవదా?"

"ఆయిలు బాగలేదని చెప్పినావు. అంగడాయన నీళ్లు కలిపినాడని చెప్పినావు."

"నెల రోజులే. నువ్వే గదా చదివినావు, తిరుగుతుందని."

"కానీ" అన్న తర్వాత నేను చదివిందంతా ఆయన వదిలేశాడు. ఆ రెండోసారి చదివించుకున్నది ఎందుకో అప్పుడు తెలిసింది. అప్పటికి రంగనాయకులు గారి వాల్వు విరగలేదు. అయినా ఎప్పుడైనా పనికొస్తుందని ఆ సగం వాక్యాన్ని దాచుకున్నాడు. దీపమూ స్టవ్వూ ముందు పెట్టుకుని, ఓణీ పరిచి చూపించి, నేను అంత సంబరంగా చెప్పింది, నన్ను బడికి పంపిన మనిషిని మోసం చేయడానికి పనికొచ్చింది.

మరునాడు బడికి వెళ్లే దారిలో పెద్దమ్మ ఇంటికి తిరిగాను. ఆమె దొడ్లో పేడకళ్లు ఎత్తుతోంది. ఇంజను గురించి రాసుకున్నదీ, రాత్రి దాని కింద రాసిందీ ఉన్న డైరీ తెరిచి చాచాను.

"నాకు చదువొచ్చునా పిచ్చిమొహమా? నువ్వే చదువు."

చదివాను. దీపం దగ్గరనుంచి మొదలుపెట్టి, గోడ, సుడిగాలి, నల్లపొగ, విరిగిన వాల్వు, డబ్బాలో లేని వాల్వు దాకా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెద్దమ్మ పేడచేతులతో అట్లాగే నిలబడి విన్నది.

"నేను అంగడికి పోయి ఆ కామాక్షయ్యను నానా మాటలు అన్నానే" అంది చివరికి. ఇంకాసేపటికి, "నీ పేరు ఎత్తనులే" అంది.

ఎత్తలేదు. సాయంత్రం షెడ్డు ముందుకు వచ్చి ఒకే మాట అడిగింది. "సాయిబూ, నా ఇంజనులో మంటకు ముడతలు పోయినాయంట. ఎవరింటికి పోయినాయి?"

ముడతల మంట అన్నది నాయన మాట. మా ఇంట్లో తప్ప ఎక్కడా లేని మాట. ఆయన చేతిలోని పానా కింద పెట్టి గుమ్మంలో ఉన్న నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నేను ఎవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూశాడు.

"రేపు పొద్దున్నే పెడతానమ్మా" అన్నాడు.

పెట్టాడు. పొగ ఆగింది, పైపు నిండా నీళ్లు దూకాయి. అప్పటికే ఎకరం దాకా నాట్లు ఎండిపోయాయి, మిగిలిన ఎకరం పండింది. రంగనాయకులు గారి ఇంజను నెల రోజులు నల్లపొగ కక్కింది. కోతలు అయ్యాక ఆయన షెడ్డు ఖాళీ చేయమన్నారు. నాయన సామానంతా మా పంచలోకి తెచ్చుకున్నాడు. ఆ మోతలో నేను చదువుకునేదాన్ని.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బడి మానిపించలేదు. పెద్దమ్మ వస్తే మంచి నీళ్లిచ్చి కూర్చోబెడతాడు.

సంక్రాంతి పోయాక ఇంకో కంపెనీ పంపు ఒకటి ఊళ్లోకి వచ్చింది. దాని పుస్తకం నాయన చేతిలో, నూనెగుడ్డలో చుట్టి ఉంది. నేను పంచలో చాప మీద కూర్చుని, పక్కకు జరిగి చోటు చేశాను. నిఘంటువు కూడా దగ్గరికి లాక్కున్నాను. ఆయన చెప్పులు వేసుకున్నాడు.

"బుచ్చిరెడ్డిపాలెంలో సమాధానం అనే సారు ఉండాడు, ఆయన చేత చదివించుకొస్తా" అని అమ్మతో చెప్పి, బస్సు కోసం ఎండలో ఆరు మైళ్లు నడిచి వెళ్లాడు.